అద్దె ఇంటి గోడకు చెమ్మ, పెచ్చులుగా ఊడుతున్న రంగు: యజమానికి ఉత్తరం ఎలా రాయాలి?

శిరీష_ఉప్పల్

అందరికీ నమస్కారం. హైదరాబాదు ఉప్పల్‌లో ఐదంతస్తుల అపార్టుమెంటులో రెండో అంతస్తులో అద్దెకు ఉంటున్నాము. పడకగదిలో బీరువా వెనక గోడకు దసరా తరవాత నుంచి చెమ్మ కనిపిస్తోంది. నేల దగ్గర మొదలై రెండడుగుల ఎత్తుదాకా పాకింది. రంగు ముందు బుడగలుగా ఉబ్బి, ఆ తరవాత పెచ్చులుగా రాలుతోంది. ఊడిన చోట తెల్లటి పొడి పడుతోంది. తుడిచినా నాలుగు రోజులకు మళ్లీ వస్తుంది. బీరువా కింది అరలో చీరలకు వాసన పట్టింది.

యజమాని గారికి ఫోను చేస్తే, "వాన నీళ్లమ్మా, ఎండలు వస్తే ఆరిపోతుంది. మీరు కిటికీలు తెరిచి పెట్టుకోండి" అన్నారు. ఇప్పుడు ఫిబ్రవరి. వానలు పోయి ఎంతకాలమైంది? నా భయమల్లా ఖాళీ చేసే రోజున ఈ గోడ మా వల్లే పాడైందని అడ్వాన్సులోంచి కోస్తారని. అందుకే ఉత్తరం రాద్దామనుకున్నాను. ఇదీ నా చిత్తుప్రతి:

*"అయ్యా, మీ ఇంటి గోడలు పూర్తిగా పాడైపోయాయి. ఎన్నిసార్లు చెప్పినా మీరు పట్టించుకోవడం లేదు. వెంటనే రంగు వేయించండి. లేకపోతే వచ్చే నెల నుంచి అద్దె ఇవ్వలేము."*

ఇలా పంపవచ్చా? సంక్రాంతికి ఊరెళ్లి వచ్చేసరికి గోడ కాస్త ఆరినట్టు అనిపించింది, ఇప్పుడు మళ్లీ మామూలే.

రమణ_రంగులు

శిరీష గారూ, దీనికి ఉత్తరాలూ గొడవలూ ఎందుకండీ? పెచ్చులన్నీ గీకించి, చెమ్మను ఆపే లప్పం పెట్టించి, ప్రైమరు ఒక కోటు, వాటర్‌ప్రూఫ్ రంగు రెండు కోట్లు వేయిస్తే సరిపోతుంది. మా ఇంట్లో పడమటి గోడకు ఇలాగే చేయించాను. మూడు వానాకాలాలు గడిచాయి, చుక్క చెమ్మ లేదు. ఏ రంగు వేయాలనుకుంటున్నారు? లేత రంగు వేస్తే మరక త్వరగా కనిపిస్తుంది.

సుబ్బలక్ష్మి_కాకినాడ

ఇది నేల చెమ్మమ్మా. మా అత్తగారింట్లో అచ్చం ఇలాగే. పునాది మీద చెమ్మ పైకి రాకుండా వేసే కాంక్రీటు పట్టీ ఆ రోజుల్లో వేయలేదు. సముద్రం దగ్గర కదా, ఇసుకలోనే ఉప్పు. మూడడుగుల ఎత్తుదాకా గోడ ఉప్పు కక్కుతూనే ఉంటుంది. ఎన్నిసార్లు సున్నం వేసినా అంతే. మీ యజమానికి పునాది సంగతి రాయండి.

ఇటుక_సిమెంటు

ముప్పై ఏళ్లు సైటు ఇంజినీరుగా పనిచేశాను, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

సుబ్బలక్ష్మి గారు చెప్పినది వాళ్ల ఇంటికి నిజమే. కానీ మట్టిలోని నీరు ఇటుకల సన్నటి రంధ్రాల గుండా పాకి రెండో అంతస్తుకు చేరదు, మధ్యలో శ్లాబులున్నాయి. రమణ గారి పడమటి గోడ బయటి గోడ. దానికి నీరు వానలోంచి వచ్చేది, బయటి పగులు మూసి రంగు వేస్తే నీటి మూలమే ఆగింది. శిరీష గారి గోడకు నీరు ఎక్కడి నుంచి వస్తోందో ఇంకా తెలియదు. మూలం ఆగకుండా వాటర్‌ప్రూఫ్ రంగు వేస్తే లోపలి నీరు ఆ పొరను వెనక నుంచి తోస్తుంది. రెండు మూడు నెలల్లో అంతకన్నా పెద్ద పెచ్చులు ఊడతాయి. ఆ తెల్లపొడి సిమెంటులోంచి, ఇటుకలోంచి నీటితో కరిగి వచ్చిన ఉప్పు. నీరు ఆవిరైపోతుంది, ఉప్పు రంగు కింద గడ్డకడుతుంది, రంగును ఎత్తేస్తుంది. అంటే నీరు గోడ లోపలి నుంచి గదిలోకి వస్తోందన్నమాట. కిటికీలు మూసినందువల్ల పట్టే చెమ్మ అయితే గోడ పైపైన నల్లటి బూజు మచ్చలుగా కనిపిస్తుంది. ఇలా గోడ ఉప్పు కక్కదు.

శిరీష గారూ, నాలుగు సంగతులు చెప్పండి. ఆ గోడకు అవతల ఏముంది? సంక్రాంతికి వెళ్లినప్పుడు ఇంటికి నీళ్ల వాల్వు కట్టేశారా? మరక పైనుంచి కిందికి దిగిందా, కింది నుంచి పైకి ఎక్కిందా? మీ కింది ఇంటివాళ్ల బాత్‌రూము పైకప్పుకు ఏమైనా మరక ఉందా?

శిరీష_ఉప్పల్

అవతల మా పడకగది బాత్‌రూమే. వాల్వు కట్టలేదు, పైన ట్యాంకు నుంచి నీళ్లు వస్తూనే ఉంటాయి. ఊళ్లో దాదాపు పదిరోజులున్నాము. మరక స్కర్టింగు దగ్గర మొదలై పైకి ఎక్కింది. షవరు, కుళాయిలు అన్నీ ఆ గోడకే ఉన్నాయి. కింది వాళ్లను అడిగి చెబుతాను.

ఇటుక_సిమెంటు

మీరు చివర్లో మాటవరసకు రాసిన సంక్రాంతి సంగతే ఇక్కడ అన్నిటికన్నా విలువైన ఆధారం.

గోడలో దాగిన నీళ్ల పైపు కారుతుంటే మీరు ఇంట్లో ఉన్నా లేకపోయినా కారుతూనే ఉండాలి, ఎందుకంటే పైన ట్యాంకు ఒత్తిడి రాత్రింబవళ్లు ఆ పైపు మీద ఉంటుంది. మీరు లేని పదిరోజుల్లో గోడ ఆరడం మొదలైందంటే, నీరు బాత్‌రూము వాడినప్పుడే గోడలోకి వెళుతోంది. వాన మాట అసలు లేదు, జనవరిలో హైదరాబాదులో అలాంటి వాన ఎక్కడిది? పైగా అది బయటి గోడ కాదు.

ఇక మిగిలినవి మూడు దారులు. ఒకటి, కుళాయి నుంచి షవరుకు గోడలో నిలువుగా వెళ్లే పైపు. షవరు తిప్పినప్పుడే దానిలో నీరుంటుంది కాబట్టి ఇదీ వాడినప్పుడే కారుతుంది. రెండు, గోడ టైల్స్ సందుల్లో తెల్లసిమెంటు రాలిపోయి స్నానం నీరు వెనక్కి దిగడం. మూడు, నేల టైల్స్ కింద నుంచి, లేదా నీళ్లు పోయే జాలీ కింద ఉండే నహానీ ట్రాప్ చుట్టూ అతుకు విడిపోయి నీరు దిగడం. మన అపార్టుమెంట్లలో బాత్‌రూము శ్లాబును చాలాచోట్ల అడుగుదాకా కిందికి దించి, అందులో పైపులు వేసి, ఇటుక ముక్కలతో నింపి, పైన టైల్స్ పరుస్తారు. అతుకు విడిపోతే ఆ గుంట నిండుతుంది. ఆ నీటిని పక్క గోడ అడుగు నుంచి పీల్చుకుంటుంది, దీపపు వత్తి నూనెను పీల్చినట్టు. మీ మరక కింది నుంచి పైకి ఎక్కింది కాబట్టి నా అనుమానం మూడోదాని మీదే. కానీ అనుమానాన్ని ఉత్తరంలో పెట్టకూడదు, ముందు పరీక్షించండి.

మొదట మరక అంచు వెంట పెన్సిలుతో గీత గీసి పక్కన తేదీ రాయండి, ఫోటో తీయండి. ఒక వారం షవరు తిప్పకుండా, గోడ మీద నీళ్లు పడకుండా, నేల మీద కూర్చుని బకెట్టుతో స్నానం చేయండి. గీత లోపల గోడ ఆరుతుంటే నీరు షవరు పైపు నుంచో గోడ టైల్స్ నుంచో వస్తోంది. చెమ్మ తగ్గకుండా గీత దాటిందా, నేల వైపు నుంచి.

రెండోది నీరు నిలబెట్టి చూడడం. కింది ఇంటివాళ్లకు ముందే చెప్పండి, వాళ్ల పైకప్పు నుంచి కారే అవకాశం ఉంది. జాలీ తీసి, పాలిథిన్ సంచిలో గుడ్డ కుక్కి ట్రాప్ నోరు గట్టిగా మూయండి. నేల మీద అంగుళం మేర నీరు పోయండి. గడప దాటనివ్వకండి. టైల్ మీద నీటిమట్టం గుర్తు పెట్టి ఇరవై నాలుగు గంటలు వదిలేయండి. పక్కనే ఒక వెడల్పు పళ్లెంలో కూడా నీళ్లు పోసి దాని మట్టమూ గుర్తు పెట్టండి. పళ్లెంలో తగ్గింది ఆవిరైనది మాత్రమే. నేల మీద అంతకన్నా బాగా తగ్గితే మిగతాది కిందికి దిగినట్టే.

ఒక మెలిక ఉంది. గుడ్డ ట్రాప్ లోపలికి పోయేలా కుక్కితే ట్రాప్ అంచు అతుకు కూడా మూసుకుపోతుంది, కారుడు పట్టుబడదు. అప్పుడు నీరు తగ్గకపోయినా ట్రాప్ మంచిదని అనుకోకూడదు. నోటి దగ్గరే మూయండి.

ఇంటాయన_60

నేను యజమానిని, ఆ వైపు మాట కూడా వినండి. బాత్‌రూము నేల మీద యాసిడ్ పోసి కడిగేది ఎవరు? నా ఇంట్లో అద్దెకున్నవాళ్లు నెలకోసారి యాసిడ్ పోసి టైల్స్ సందులన్నీ తినేశారు. కింది ఇంటికి కారితే ఖర్చు నా నెత్తిన పడింది. ప్రతిదీ యజమాని తప్పు అనడం న్యాయం కాదు.

ఇటుక_సిమెంటు

మీ మాటలో నిజముంది. యాసిడ్ టైల్స్ సందుల్లోని సిమెంటును తినేస్తుంది, ఎవరూ వాడకూడదు. శిరీష గారూ, మీరు వాడుతుంటే మానేయండి. కానీ నేల కింద ట్రాప్ అతుకు విడిపోవడం, కట్టేటప్పుడు గుంటలో వాటర్‌ప్రూఫింగ్ సరిగా చేయకపోవడం అద్దెదారు చేతిలో లేని సంగతులు. రెంటినీ కలపకూడదు.

శిరీష_ఉప్పల్

యాసిడ్ వాడము, మామూలు ఫినాయిలే. చెప్పినవన్నీ చేశాను. షవరు తిప్పకుండా బకెట్టుతో వారం గడిపాము. గోడ ఆరలేదు, ఒక మూల గీతను రెండు వేళ్ల మేర దాటింది. తరవాత నీరు నిలబెట్టాము. పళ్లెంలో తగ్గింది కంటికి కనిపించీ కనిపించనంత. నేల మీద మాత్రం తెల్లారేసరికి సగం నీరు లేదు. కింది ఇంటి ఆంటీ బాత్‌రూములో పైకప్పు నుంచి పైపు వచ్చే చోట పసుపు మరక ఉంది, ఆ రోజు అది తడిగా మారింది. ఆవిడ వాళ్ల ఇంటి ఫోటో కూడా ఇచ్చారు.

ఇటుక_సిమెంటు

ఇంతకన్నా స్పష్టంగా అద్దె ఇంట్లో ఉండి తేల్చలేము. నేల వైపు నుంచే. ట్రాప్ అతుకా, నేల టైల్స్ సందులా అన్నది మేస్త్రీ జాలీ చుట్టూ విప్పి చూస్తేగాని తెలియదు. కాబట్టి ఉత్తరంలో "ట్రాప్ పగిలింది" అని రాయకండి. విప్పాక టైల్స్ సందులు అని తేలితే మీ ఉత్తరమంతా తప్పని ఆయన అంటారు.

వకీలు_గుమస్తా

చట్టం సంగతి నాకు తెలిసినంత. అద్దె ఆపుతామన్న వాక్యం ముందు కొట్టేయండి. అద్దె బాకీ పడితే ఇల్లు ఖాళీ చేయించడానికి ఆయనకు మీరే కారణం చేతికి ఇచ్చినట్టు.

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షనులో ఒక ఏర్పాటు ఉంది. యజమాని చేయవలసి ఉన్న మరమ్మతును, నోటీసు ఇచ్చాక కూడా తగిన సమయంలో చేయకపోతే, అద్దెదారు తానే చేయించి ఆ ఖర్చును వడ్డీతో అద్దెలో తగ్గించుకోవచ్చు. కానీ "చేయవలసి ఉన్న" అన్నదే కీలకం. మీ అగ్రిమెంటులో మరమ్మతుల గురించి ఏమి రాశారో చూడండి. అందులో ఏమీ లేకపోతే ఆ హక్కు మీద వాదన తప్పదు. అదే సెక్షను ప్రకారం ఖాళీ చేసేటప్పుడు మీరు ఇంటిని తీసుకున్నప్పటి స్థితిలోనే అప్పగించాలి, మామూలు అరుగుదల, తరుగుదల మినహాయించి. మీ అడ్వాన్సు భయానికి మూలం ఇదే. అందుకే తేదీతో కూడిన ఉత్తరం కావాలి. చెమ్మ ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు చెప్పారో కాగితం మీద ఉంటే రేపు దాన్ని మీ నిర్లక్ష్యం అనడం కష్టం.

2021లో కేంద్రం తెచ్చిన నమూనా అద్దె చట్టంలో అగ్రిమెంటు వేరుగా చెప్పకపోతే కట్టడపు మరమ్మతులు, గోడలకు వెల్ల వేయడం, అవసరమైనప్పుడు పైపులు మార్చడం యజమాని బాధ్యతగా, కుళాయి వాషర్లు మార్చడం, డ్రెయిను శుభ్రం చేయడం వంటివి అద్దెదారు బాధ్యతగా పంచారు. అది నమూనా మాత్రమే. రాష్ట్రం తనదిగా చేసుకుంటేనే కట్టుబాటు అవుతుంది. ఉత్తరంలో దాన్ని చట్టంగా చూపి బెదిరించకండి. మాట్లాడేటప్పుడు న్యాయం ఎటు ఉందో చెప్పడానికి పనికొస్తుంది.

ఉత్తరాన్ని రసీదుతో స్పీడ్ పోస్టులో పంపి, అదే ఫోటో తీసి వాట్సాప్‌లోనూ పెట్టండి.

రమణ_రంగులు

అగ్రిమెంటులో "చిన్న మరమ్మతులు అద్దెదారువే" అని ఉంటే? చాలావాటిలో అలాగే రాస్తారు.

వకీలు_గుమస్తా

నేల పగలగొట్టి చేసే పనిని చిన్న మరమ్మతు అనలేమని నా అభిప్రాయం. కానీ అగ్రిమెంటు చూడకుండా తేల్చి చెప్పను.

శిరీష_ఉప్పల్

మా అగ్రిమెంటులో "కుళాయిలు, బల్బులు, ఫ్యాన్ల వంటి చిన్న మరమ్మతులు" అద్దెదారువని మాత్రమే ఉంది. అందరి సలహాలతో తిరగరాశాను:

*"గౌరవనీయులైన … గారికి నమస్కారాలు.*

*రెండో అంతస్తులో మేము అద్దెకు ఉంటున్న ఇంటి పడకగదిలో, బాత్‌రూమును ఆనుకుని ఉన్న గోడకు అక్టోబరు నెల నుంచి చెమ్మ పడుతోంది. ఈ సంగతి నవంబరులోనూ, జనవరిలోనూ మీకు ఫోనులో తెలియజేశాను. ఇప్పుడు చెమ్మ నేల నుంచి రెండడుగుల ఎత్తుదాకా ఉంది. రంగు పెచ్చులుగా ఊడి, గోడ మీద తెల్లటి ఉప్పు తేలుతోంది. తేదీలతో ఉన్న ఫోటోలు జతచేశాను.*

*ఇది వాన నీరు కాదని మాకు తోచడానికి కారణాలు ఇవి. ఇది బయటి గోడ కాదు, వానలు లేని నెలల్లోనూ చెమ్మ పెరిగింది. సంక్రాంతికి మేము ఊళ్లో ఉన్నప్పుడు, నీళ్ల వాల్వు తెరిచే ఉన్నా, గోడ ఆరడం మొదలైంది. షవరు వాడకుండా వారం ఉన్నా చెమ్మ తగ్గలేదు. బాత్‌రూము నేల మీద నీరు నిలబెట్టి చూస్తే రాత్రికి రాత్రి సగం ఇంకిపోయింది, అదే సమయంలో కింది ఇంటి బాత్‌రూము పైకప్పు మీది మరక తడిసింది. కాబట్టి నీరు బాత్‌రూము నేల నుంచి, బహుశా నహానీ ట్రాప్ చుట్టూ ఉన్న అతుకు నుంచి గానీ నేల టైల్స్ సందుల నుంచి గానీ దిగుతోందని అనుకుంటున్నాము. ఖాయంగా ఎక్కడి నుంచో మేస్త్రీ విప్పి చూసి చెప్పాలి.*

*దయచేసి పదిహేను రోజుల్లోపు ప్లంబరును, మేస్త్రీని పంపించగలరు. ఈలోగా మేము ఆ బాత్‌రూము వాడకం తగ్గించి, హాలు వైపు బాత్‌రూము వాడుకుంటాము. నీరు ఆగి, గోడ పూర్తిగా ఆరిన తరవాతే రంగు వేయిస్తే మంచిదని మా మనవి. ముందే వేయిస్తే మీ ఖర్చు వృథా అవుతుంది. పని జరిగే రోజుల్లో ఇంట్లో ఉండి సహకరిస్తాము. అద్దె ఎప్పటిలాగే ఐదో తేదీలోపు చెల్లిస్తాము.*

*ఇట్లు…"*

సుబ్బలక్ష్మి_కాకినాడ

బాగా రాశావమ్మా. బీరువా గోడకు దూరంగా జరిపావా? చీరలు ముందు ఎండలో వెయ్యి.

ఇంటాయన_60

ఇలాంటి ఉత్తరం నాకు వస్తే ఆ రోజే మేస్త్రీకి ఫోను చేస్తాను. మొదటిది వచ్చి ఉంటే ఖాళీ చేయమనేవాణ్ణి.

శిరీష_ఉప్పల్

ఉత్తరం అందిన తరవాత యజమాని గారు మేస్త్రీతో స్వయంగా వచ్చారు. కింది ఇంటి మరక చూశాక వాన మాట మళ్లీ ఎత్తలేదు. జాలీ చుట్టూ నాలుగు టైల్స్ విప్పితే కింద ఇటుక ముక్కలన్నీ తడిగా ఉన్నాయి. ట్రాప్ అంచుకూ చుట్టూ ఉన్న నేలకూ మధ్య అతుకు వదులైందని మేస్త్రీ చూపించాడు. ట్రాప్ మార్చి, చుట్టూ వాటర్‌ప్రూఫింగ్ చేసి టైల్స్ వేస్తామన్నారు, ఆ ఖర్చు ఆయనదే. కానీ రంగు ఖర్చులో సగం మేము పెట్టుకోవాలంటున్నారు, "మీరు వాడుకుంటున్న గోడే కదా" అని. పైగా ట్రాప్ పని అయిన మరుసటి రోజే పెయింటరును పంపిస్తానంటున్నారు.

ఇటుక_సిమెంటు

పెయింటరును మాత్రం ఆపండి. టైల్స్ మూసేముందు ట్రాప్ నోరు మూసి మరోసారి నీరు నిలబెట్టి చూడమనండి. మూసేశాక కారితే మళ్లీ పగలగొట్టాలి. గుంటలో నిలిచిన నీరు అక్కడే ఉంటే గోడ ఇంకా పీలుస్తూనే ఉంటుంది కాబట్టి, విప్పిన చోట రెండు మూడు రోజులు తెరిచి ఆరనివ్వమనండి. గోడకు ఉబ్బిన రంగు, వదులైన ప్లాస్టరింగు ఇప్పుడే గీకేస్తే త్వరగా ఆరుతుంది. ఉప్పును పొడి బ్రష్‌తో దులపండి, నీళ్లతో కడిగితే మళ్లీ లోపలికే పోతుంది. ఇటుక గోడ లోపలిదాకా ఆరడానికి వారాలు పడుతుంది, వేసవి కాబట్టి మీకు కలిసొస్తుంది. ఆరిందో లేదో తెలియాలంటే అడుగు చదరం పాలిథిన్ ముక్కను నాలుగు వైపులా టేపుతో గోడకు అతికించి ఒక రోజు ఉంచండి. తీసినప్పుడు గోడ వైపు తడి పట్టి ఉంటే ఇంకా ఆగాలి.

వకీలు_గుమస్తా

రంగు సగం ఖర్చు గురించి నా మాట వేరు. నీటి మూలం కట్టడపు లోపమని ఆయన మేస్త్రీయే చూపించాడు, రంగు ఊడింది ఆ లోపం వల్లే. సగం పెట్టుకుంటే తప్పులో వాటా ఒప్పుకున్నట్టు ఉంటుంది.

ఇంటాయన_60

గోడకు ఎలాగూ కొత్త రంగు వస్తోంది, ఆ గదిలో ఉండేది వాళ్లు. ఒక గోడ ఖర్చు ఎంతని? ఇచ్చిపుచ్చుకుంటే సంబంధం నిలుస్తుంది.

శిరీష_ఉప్పల్

మా ఆయన కూడా ఇచ్చేద్దామంటున్నారు. నాకు ఇంకా మనసొప్పడం లేదు. ఒకవేళ ఇస్తే, "చెమ్మకు కారణం నహానీ ట్రాప్ అతుకు, మరమ్మతు యజమాని చేయించారు" అని ఆయనతో ఒక్క వాక్యం రాయించుకుని ఇస్తాను. పెయింటరును వేసవి చివరికి రమ్మని చెప్పాను. ఇవాళ సాయంత్రం టైల్స్ మూసేముందు నీరు నిలబెట్టి చూస్తున్నాము, కింది ఆంటీ వాళ్ల పైకప్పు మీద ఒక కన్ను వేసి ఉంచుతామన్నారు.